మొదట తోచిన మాట వద్దు

ఒక పత్రికకు మా నాన్న ఉద్యోగం గురించి 1200 మాటల్లో వ్యాసం రాసిస్తానని ఒప్పుకున్నాను. ఆదివారం గడువు. సోమవారం పొద్దున్నే కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. నాన్న ఆర్టీసీలో కండక్టరు. ముప్పై ఏళ్లు అదే పని చేశాడు. చెప్పాల్సింది బోలెడు ఉంది. అయినా బుధవారం రాత్రికి నా దగ్గర మిగిలినవి అడ్డంగా కొట్టేసిన మూడు కాగితాలు మాత్రమే.

మూడింటిలోనూ మొదలు దాదాపు ఒకటే. "నాన్న అనగానే నా మనసులో మెదిలేది ఖాకీ చొక్కా. ఎంత కష్టపడినా ఎప్పుడూ నవ్వుతూనే ఇంటికొచ్చేవాడు. వస్తూ వస్తూ మాకోసం ఏదో ఒకటి తెచ్చేవాడు. ఆ జ్ఞాపకాలు ఇప్పటికీ పచ్చగా ఉన్నాయి." ఇలా నాలుగైదు వాక్యాలు సాగి ఆగిపోయాయి. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఖాకీ చొక్కా తీసి తెల్లచొక్కా వేస్తే ఇది ఒక బడిపంతులు కూతురు రాసిన వ్యాసమవుతుంది. లుంగీ కడితే ఒక రైతు కూతురిది. మా నాన్న ఇందులో లేడు. లేడని నాకు తెలుస్తోంది కాబట్టే కలం ముందుకు కదలలేదు.

గురువారం ఆ వారాన్ని గట్టెక్కించింది మన అవధానుల దగ్గర ఉన్న పాత పద్ధతి. రాసే పని మీదున్నవాళ్లు ఎవరైనా పద్యం రాకపోయినా దాన్ని వాడుకోవచ్చు. అయితే దాన్ని ఎలా వాడాలో, ఎక్కడ బెడిసికొడుతుందో, ఎప్పుడు పక్కన పెట్టాలో తెలిసి వాడాలి.

అడ్డుపడే పృచ్ఛకుడు

అష్టావధానంలో అవధాని చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు కూర్చుంటారు. వాళ్లలో నిషిద్ధాక్షరి పృచ్ఛకుడి పని అడ్డుపడటం. ఫలానా విషయం మీద పద్యం చెప్పమంటాడు. అవధాని ఒక అక్షరం చెప్పగానే తర్వాత ఏ అక్షరం రాబోతోందో ఊహించి, అది వద్దంటాడు. సరస్వతి మీద పద్యం అనుకుందాం. అవధాని 'వా' అన్నాడు. తర్వాత 'ణి' వచ్చి 'వాణి' అవుతుందని సభలో అందరికీ తెలుసు. పృచ్ఛకుడు 'ణ' నిషేధిస్తాడు. అవధాని 'వాఙ్మయం' వైపు మళ్లుతాడు. అక్కడ మరో అక్షరం నిషేధిస్తే మరో దారి చూసుకుంటాడు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పృచ్ఛకుడు ఏదో ఒక అక్షరాన్ని పట్టుకుని వద్దనడు. ఎవరికీ రాని 'ఝ' ను నిషేధిస్తే అవధానికి వచ్చే ఇబ్బందేమీ లేదు. మంచి పృచ్ఛకుడు అవధాని నాలుక చివర ఉన్న అక్షరాన్నే పట్టుకుంటాడు. అలవాటు ఎటు నడిపిస్తోందో అటే తలుపు వేస్తాడు.

దత్తపదిది దీనికి ఎదురు పని. అక్కడ పృచ్ఛకుడు వద్దనడు, ఇస్తాడు. సాధారణంగా నాలుగు పదాలిచ్చి, వాటితో సంబంధం లేని విషయం మీద పద్యం చెప్పమంటాడు. వడ, పూరి లాంటి పదాలిచ్చి కురుక్షేత్రం వర్ణించమనడం సభల్లో తరచూ వినే తరహా. అవధాని శంఖం 'పూరించి', వీరుల మోములు 'వడలిపోయేలా' చేసి బయటపడతాడు. పలహారాల పేర్లు యుద్ధంలో కలిసిపోతాయి. ఆ పదాలు చేతిలో పెట్టకపోతే ఆ శంఖమూ ఆ వడలిన మోమూ ఆ పద్యంలోకి వచ్చేవే కావు.

ఒకటి అలవాటైన దారి మూస్తుంది. రెండోది చేతిలో ఒక వస్తువు పెట్టి ఇక్కణ్నుంచి నడవమంటుంది. గురువారం పొద్దున ఈ రెంటినీ నా వ్యాసం మీద ప్రయోగించాను. ఐదు మాటలు నిషేధించుకున్నాను. ఒక వస్తువు దగ్గర పెట్టుకున్నాను.

ఏ మాటలు నిషేధించాలి

చాలామంది ఈ పద్ధతిని వినికిడితో మొదలుపెట్టి ఇక్కడే పొరబడతారు. 'అందమైన' అనే మాట వాడకూడదట, 'చాలా' అనకూడదట అని ఎవరో ఇచ్చిన జాబితా తీసుకుంటారు. అది ఎవరికీ రాని 'ఝ' ను నిషేధించడం లాంటిదే. నిషేధం మన కొట్టేసిన కాగితాల్లోంచే రావాలి. అందుకే వాటిని పారేయకూడదు.

నా మూడు కాగితాలు పక్కపక్కన పరిచి, తిరిగి తిరిగి వచ్చిన మాటల కింద గీతలు గీశాను. జ్ఞాపకం 11 సార్లు వచ్చింది. మనసు 8 సార్లు, కష్టం 7 సార్లు, ఎప్పుడూ 6 సార్లు, ప్రేమ 5 సార్లు. ఆ ఐదూ నిషేధం.

మాట ఒక్కటే నిషేధిస్తే సరిపోదని పది నిమిషాల్లోనే తెలిసింది. 'జ్ఞాపకం' తలుపు మూయగానే 'గుర్తు' వచ్చింది. దాన్ని ఆపితే 'నిన్నగాక మొన్న జరిగినట్టుంది' వచ్చింది. 'మనసు' వద్దంటే 'గుండె', 'ఎద' కాచుకుని ఉన్నాయి. తెలుగులో సంస్కృతం నుంచి ఒకటి, అచ్చ తెలుగు నుంచి ఒకటి, వాడుకలోంచి ఒకటి, ఇలా ఒకే భావానికి మూడు నాలుగు మాటలు ఎప్పుడూ దొరుకుతాయి. కాబట్టి నిషేధించాల్సింది మాటను కాదు, దాని కుటుంబాన్ని. కాగితం పైన ఐదు వరుసలు రాసుకుని, ఒక్కో వరుసలో ఆ మాటకు బంధువులైనవాటిని కూడా చేర్చాను. ఐదు కుటుంబాలు దాటకూడదు. పది అయితే రాసేటప్పుడు బుర్ర జాబితా కాపలా కాయడంతోనే సరిపోతుంది.

గీతలు గీస్తుండగా నేను అనుకోనిది ఇంకొకటి బయటపడింది. 'వచ్చేవాడు, తెచ్చేవాడు, చెప్పేవాడు, నవ్వేవాడు', ఈ 'ఏవాడు' క్రియ మూడు కాగితాల్లో 31 సార్లు ఉంది. అసలు అడ్డు ఇదేనని అప్పుడు అర్థమైంది.

ఈ క్రియారూపం మన భాషలో ఎంతో సుఖమైనది. ముప్పై ఏళ్ల జీవితాన్ని ఒక్క మాటలో మడిచి పెట్టేస్తుంది. "నాన్న రాత్రి పొద్దుపోయి వచ్చేవాడు" అంటే వెయ్యి రాత్రులు అందులో ఉన్నాయి. కానీ ఏ ఒక్క రాత్రీ లేదు. ఆ రాత్రి వాన పడిందా, కరెంటు ఉందా, అమ్మ మేలుకుని ఉందా అని అడిగితే ఆ వాక్యం జవాబు చెప్పలేదు. అదే "నాన్న రాత్రి పొద్దుపోయి వచ్చాడు" అంటే వెంటనే "ఎప్పుడు? ఏ రాత్రి?" అన్న ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడంతోనే రాత మొదలవుతుంది. సొంత మనుషుల గురించి, పాత ఊరి గురించి, చిన్నతనం గురించి రాయబోయి ఆగిపోయిన కాగితాలు మీ దగ్గరుంటే, ఒక్కసారి ఈ 'ఏవాడు, ఏది, ఏవాళ్లు' ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టి చూడండి.

కాబట్టి ఐదు కుటుంబాలకు తోడు ఆరో నిషేధంగా ఈ క్రియను చేర్చాను. ఇక నాన్న ఏదీ 'చేసేవాడు' కాకూడదు. చేశాడు అనే రాయాలి.

ఏ వస్తువు పెట్టుకోవాలి

వస్తువు విషయంలో నా మొదటి ఎంపిక ఖాకీ చొక్కా. దాన్నీ వదులుకోవాల్సి వచ్చింది. కొట్టేసిన మూడు కాగితాలూ దానితోనే మొదలయ్యాయి. నిషిద్ధాక్షరి న్యాయం ప్రకారం మొదట తోచిన వస్తువు కూడా మొదట తోచిన మాట లాంటిదే. రెండోది విజిలు. కండక్టరు అనగానే అందరికీ తోచేది అదే కాబట్టి అదీ వద్దనుకున్నాను. మూడోసారి తోచింది తోలు సంచీ. టికెట్ల డబ్బు వేసుకునే నల్లని సంచీ, భుజానికి పట్టీ, మూతకు బకిలు. అది నాకు చేతికి తెలుసు. దాని బరువు తెలుసు, చిల్లరతో నిండినప్పుడు అది చేసే చప్పుడు తెలుసు.

వస్తువు ఎంచుకునేటప్పుడు మూడు చూసుకోవాలి. అది చేత్తో పట్టుకోగలిగేంత చిన్నది కావాలి. బస్సు పనికిరాదు, సంచీ పనికొస్తుంది. ఆ మనిషి పనిలో అది రోజూ వాడకంలో ఉండాలి. గోడకు తగిలించిన ఫొటోను ఎవరూ వాడరు, చూస్తారు. చూడటం నుంచి మళ్లీ 'జ్ఞాపకం' లోకే జారిపోతాం. మూడోది, ఆ వస్తువుతో ఏదో ఒక పేచీ ఉండాలి. పోవచ్చు, చిరగవచ్చు, ఇంకొకరు అడగవచ్చు, లెక్క తేడా రావచ్చు. పేచీ ఉన్న వస్తువు చుట్టూ మనుషులు కదులుతారు.

పెట్టుకున్న నియమాలు రెండే. ప్రతి పేరాలో సంచీ ఎవరో ఒకరి చేతిలోనో ఒంటిమీదో ఉండాలి. దాన్ని దేనితోనూ పోల్చకూడదు.

రెండో నియమం ఎందుకో గురువారం మొదటి ప్రయత్నమే చెప్పింది. ఇరవై నిమిషాలు గడియారం పెట్టుకుని రాశాను. తేలిందిది: "ఆ నల్ల సంచీ నాన్న భుజాన బాధ్యతలా వేలాడింది. ఇంటి బరువంతా అందులోనే ఉంది." నిషేధించిన మాట ఒక్కటీ లేదు. 'ఏవాడు' లేదు. సంచీ ఉంది. అయినా ఇది బుధవారం నాటి కాగితమే. సంచీ సంచీగా ఉండకుండా బాధ్యతకు మారుపేరైపోయింది. వస్తువు పెట్టుకున్నప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. దీన్ని పట్టుకోవడం తేలిక. వాక్యంలో వస్తువుకు ఏ క్రియ ఉందో చూడండి. 'వేలాడింది, ఉంది, కనిపించింది' ఉంటే వస్తువు ఊరికే అలంకారంగా నిలబడిందని అర్థం. 'తీశాడు, పెట్టాడు, కట్టాడు, కుట్టాడు, లెక్కపెట్టాడు' ఉంటే పని జరుగుతోందని అర్థం. 'లా, లాగా, లాంటి' అనేవి ఆ వస్తువు దరిదాపుల్లో కనిపిస్తే కొట్టేయాలి.

ఆ రాత్రి

శుక్రవారం పొద్దున మళ్లీ ఇరవై నిమిషాలు కూర్చున్నాను. సంచీ ఎవరి చేతిలో ఉంది? నాన్న చేతిలో. ఎప్పుడు? 'ఎప్పుడూ' అనకూడదు, ఒక రోజు చెప్పాలి. నేను ఆ సంచీని దగ్గర్నుంచి చూసిన రోజు ఏది? ఇంట్లో కాదు. డ్యూటీ దిగాక డబ్బు డిపోలో కట్టేసే నాన్న ఇంటికి వచ్చేది. ఇంటికొచ్చే సంచీ ఖాళీది. మూడు కాగితాలు నిండా ఇంటికొచ్చే నాన్ననే రాశాను. సంచీ నిండుగా ఉన్న చోటికి అసలు వెళ్లనేలేదు.

నిండు సంచీని నేను రాత్రంతా చూసింది ఒక్కసారే. 1991 వేసవి సెలవుల్లో నాన్న నన్ను నైట్‌హాల్టు బస్సులో ఏజెన్సీలోని ఒక ఊరికి తీసుకెళ్లాడు. సాయంత్రం బయల్దేరిన బస్సు రాత్రికి ఆ ఊళ్లో ఆగిపోతుంది, తెల్లవారుజామున తిరుగు ట్రిప్పు. డ్రైవరు, కండక్టరు బస్సులోనే పడుకుంటారు. అప్పటిదాకా వచ్చిన డబ్బు కండక్టరు దగ్గరే ఉంటుంది. శుక్రవారం రెండోసారి కూర్చున్నప్పుడు రాసింది ఇది:

"రాత్రి పదింటికి బస్సు రావిచెట్టు కింద ఆగింది. డ్రైవరు బాబాయి బానెట్టు మీద దుప్పటి పరుచుకున్నాడు. నాన్న నన్ను మూడు సీట్ల బల్ల మీద పడుకోబెట్టి, పక్కనున్న రెండు సీట్ల బల్ల మీద కాళ్లు ముడుచుకుని పడుకున్నాడు. సంచీ తలకింద పెట్టుకున్నాడు. నాకూ తలగడ కావాలన్నాను. ఆ సంచీ ఇమ్మన్నాను. 'ఇది ఇవ్వకూడదమ్మా' అన్నాడు. లేచి చొక్కా విప్పి, మడిచి, నా తలకింద పెట్టాడు. బనీనుతోనే పడుకున్నాడు. అర్ధరాత్రి దోమలకు మెలకువ వచ్చింది. సంచీ పట్టీ నాన్న కుడి ముంజేతికి రెండు చుట్లు చుట్టి ఉంది. నిద్రలో కూడా వేళ్లు బకిలు మీదే ఉన్నాయి. ఇంకా చీకటి ఉండగానే లేచి, టార్చి చంకలో పెట్టుకుని, సంచీలో డబ్బు ఒళ్లో పోసుకుని లెక్కపెట్టాడు. టికెట్ల నంబర్లు చూసుకున్నాడు. మళ్లీ మొదట్నుంచీ లెక్కపెట్టాడు."

ఖాకీ చొక్కా వచ్చింది. అది 'మెదిలే' చొక్కా కాదు, మడిచి తలకింద పెట్టిన చొక్కా. ప్రేమ అనే మాట రాయనివ్వకపోతే చెయ్యి ఆ చొక్కా విప్పడాన్ని రాసింది.

అంతకన్నా పెద్దది రెండోసారి లెక్కపెట్టడం. పట్టీ రెండు చుట్లు ఎందుకు చుట్టుకున్నాడు? లెక్క సరిపోయాక మళ్లీ ఎందుకు చూసుకున్నాడు? నాన్న భయపడ్డాడు. ఆ రాత్రి అడవి ఊళ్లో, పక్కన ఎనిమిదేళ్ల కూతురుండగా, పరాయి డబ్బు తలకింద పెట్టుకుని భయపడ్డాడు. ముప్పై ఏళ్లలో ఇలాంటి రాత్రులు ఎన్నో గడిపాడు. 'ఎప్పుడూ నవ్వుతూ వచ్చేవాడు' అని మూడుసార్లు రాసిన నాకు ఆ పేరా రాసేదాకా ఆ సంగతి తెలియదు. మూడు రోజులు కలం ఎందుకు మొరాయించిందో కూడా అక్కడే తెలిసింది. నవ్వే నాన్నను రాయాలని కూర్చున్నాను. రాయాల్సింది భయపడిన నాన్నను.

నియమానికి కథలో చోటుండాలి

ఇదంతా గారడీ కదా, మాటలు మానేసి రాస్తే ఏమొస్తుంది అనే ప్రశ్న పాతదే. దానికి పాత జవాబు దండి సంస్కృత దశకుమారచరిత్రంలో ఉంది. ఏడో ఉచ్ఛ్వాసంలో మంత్రగుప్తుడు తన కథ చెప్తాడు. రాత్రి ప్రియురాలి పంటిగాట్లకు పెదవులు నొప్పిగా ఉన్నాయి. అందుకని పెదవులు కలిస్తే తప్ప పలకని ప, ఫ, బ, భ, మ లు లేకుండానే కథంతా చెప్తాడు. దీన్నే నిరోష్ఠ్యం అంటారు. తర్వాత తెలుగులో మరింగంటి సింగరాచార్యులు రామకథనే నిరోష్ఠ్యంగా రాశాడు. దండి చేసినదాంట్లో నాకు నచ్చేది ఆ నియమానికి కథలోనే కారణం ఉండటం. పాత్ర పెదవి గాయపడింది కాబట్టి ఆ అక్షరాలు పోయాయి.

దీనికి ఈ కాలపు జత ఫ్రాన్సులో ఉంది. నియమాలు పెట్టుకుని రాయడాన్నే పనిగా పెట్టుకున్న ఉలిపో అనే రచయితల బృందం 1960లో పారిస్‌లో పుట్టింది. అందులో సభ్యుడైన జార్జ్ పెరెక్ 1969లో ఒక నవల ప్రచురించాడు. దాదాపు 300 పేజీలు. ఫ్రెంచిలో అన్నిటికన్నా ఎక్కువగా వాడే అక్షరం వాళ్ల అక్షరమాలలో ఐదోది. అది ఆ నవలలో ఒక్కసారి కూడా రాదు. నవల పేరుకు అర్థం 'అదృశ్యం'. అధ్యాయాల వరుసలో ఐదోది ఉండదు. ఆ అక్షరం లేకుండా ఫ్రెంచిలో 'తండ్రి' అని రాయలేరు. 'తల్లి' అని రాయలేరు. రచయిత తన పేరు కూడా రాసుకోలేడు. పెరెక్ తండ్రి 1940లో యుద్ధంలో చనిపోయాడు. తల్లిని 1943లో నాజీలు ఆష్విట్జ్ శిబిరానికి తరలించారు, ఆమె తిరిగి రాలేదు. అమ్మానాన్నలను పోగొట్టుకున్న మనిషి తల్లి, తండ్రి అనే మాటలే రాయలేని నియమం పెట్టుకుని రాశాడని తెలిశాక అది గారడీ అనిపించదు.

వారం గడవని మామూలు రచయితకు ఇంత లోతు అక్కర్లేదు. కానీ ఆ నీతి పనికొస్తుంది. నిషేధించిన మాటకూ రాస్తున్న విషయానికీ సంబంధం ఉండాలి. సంక్రాంతి మీద వ్యాసం ఆగిపోయిందనుకోండి. ముగ్గులు, గొబ్బెమ్మలు, హరిదాసు, గాలిపటాలు, పల్లె అనే ఐదూ నిషేధించి, అరిసెలు వత్తే చెక్కను వస్తువుగా పెట్టుకోవచ్చు. నూనెలోంచి తీసిన అరిసెను రెండు చెక్కల మధ్య వత్తే మనిషి ఎవరు, పొయ్యి దగ్గర ఎవరు, ఈ ఏడాది రాని మనిషి ఎవరు అనే ప్రశ్నలు అక్కణ్నుంచి వస్తాయి. అదే వ్యాసంలో ఊరికే 'క' గుణింతం నిషేధిస్తే రచయిత సామర్థ్యం తెలుస్తుందేమో కానీ పండుగ ముందుకు కదలదు.

నియమం తీసేయాల్సిన రోజు

ఈ పద్ధతిలో జనం మర్చిపోయేది చివరి అంగ. నియమం రాతను కదిలించడానికే గానీ పాఠకుడికి చూపించడానికి కాదు. శనివారం పొద్దున నిషేధాల కాగితం చించేసి, శుక్రవారం రాసిన 700 మాటలను మొదట్నుంచీ చదువుకున్నాను.

సంచీ ప్రతి పేరాలో ఉండటం వల్ల రెండు చోట్ల అనవసరంగా దూరింది. అక్కడ తీసేశాను. పాఠకుడికి 'ఈవిడ ఈ సంచీని వదలదేం' అనిపిస్తే నియమం బయటికి కనిపిస్తున్నట్టు. నిషేధించిన ఐదు మాటల్లో ఒక్కటి తిరిగి వచ్చింది. 'కష్టం', అదీ డ్రైవరు బాబాయి నోట, ఆయన నిజంగా అన్న మాటగా. తక్కిన నాలుగింటికీ చోటు దొరకలేదు, వాటి అవసరమూ కనిపించలేదు.

'ఏవాడు' మాత్రం తిరిగి రావాల్సిందే. ముప్పై ఏళ్ల మనిషిని ఒక్క రాత్రితో చెప్పి వదిలేస్తే అదీ సగం నిజమే అవుతుంది. కానీ ఇప్పుడు ఆ క్రియకు ఒక్క వాక్యం చాలింది. "రిటైరయ్యాక కూడా నాన్న పడుకునేటప్పుడు తువ్వాలు కుడి ముంజేతికి రెండు చుట్లు చుట్టుకునేవాడు." బుధవారం ఈ వాక్యం రాసినా దానికి బరువుండేది కాదు. ఆ రాత్రి బస్సులో పట్టీ చూసిన పాఠకుడికి తువ్వాలు చెప్పాల్సిన పని లేదు. ఒక రోజును పూర్తిగా చూపించాక వెయ్యి రోజులను ఒక్క మాటలో మడిచి పెట్టవచ్చు. ఆ వరుస తిరగబడితేనే కలం ఆగుతుంది.

ఎక్కడ పని చేయదు

నిషేధాలు మాటల దగ్గర పడ్డ ముడిని విప్పుతాయి. సమాచారం లేక పడ్డ ముడిని విప్పలేవు. శుక్రవారం మధ్యాహ్నం నేను మళ్లీ ఆగిపోయాను. ఈసారి కొట్టేసినవి లేవు, ఖాళీ ఉంది. లెక్క తగ్గితే కండక్టరుకు ఏమవుతుందో నాకు తెలియదు. ఎన్ని మాటలు నిషేధించుకున్నా అది రాదు. నాన్నతో పనిచేసిన డ్రైవరు బాబాయికి ఫోను చేశాను. "తగ్గింది కండక్టరే కట్టుకోవాలమ్మా. నైట్‌హాల్టు కష్టం డ్రైవరుది కాదు, మీ నాన్నదే. నాకు బండి తాళం ఒక్కటే" అన్నాడు. వ్యాసం మిగతా సగం ఆ ఫోనులోంచి వచ్చింది.

ఏ ముడి ఎక్కడ పడిందో కాగితమే చెప్తుంది. కొట్టివేతలు ఎక్కువగా ఉండి ఒకే మాటలు తిరుగుతుంటే నిషేధం పనిచేస్తుంది. కాగితం తెల్లగా ఉండి, ఏ ప్రశ్న వేసుకున్నా జవాబు తెలియకపోతే లేచి వెళ్లి ఎవరినో అడగాలి. నిద్రలేమితోనో ఒంట్లో బాగోకనో ఒక వాక్యం మీద కూడా దృష్టి నిలవకపోతే ఆ రోజు కాగితం మూసేయాలి. నియమం పెట్టి సతాయిస్తే రాతంటేనే విసుగు పుడుతుంది.

మళ్లీ ఆగిపోయినప్పుడు కావాల్సినవి కొంచెమే. కొట్టేసిన కాగితాలు, వాటిలో గీతలు గీయడానికి అరగంట, ఐదు కుటుంబాల నిషేధం, ఒక క్రియ, చేత్తో పట్టుకునే ఒక వస్తువు, ఇరవై నిమిషాల చొప్పున రెండు మూడు సార్లు కూర్చునే ఓపిక. చివర నిషేధాల కాగితం చించేయడం.

ఆదివారం వ్యాసం పంపేశాక, పెట్టెలోంచి నాన్న తువ్వాలు తీసి చూశాను. ఒక కొస దగ్గర మాత్రమే నలిగి, పలచబడి ఉంది.